మీ తెలుగు పోస్టు ఎవరికి కనబడుతుంది? భాష ట్యాగ్, అనువాదం, సెట్టింగ్స్ సరిచేసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు చదివేవాళ్లు పక్కపక్క వాటాల్లో ఉంటారు. అందరూ ఒకే ఫేస్‌బుక్ పేజీని అనుసరిస్తారు, కానీ అందరి ఫోనులోనూ ఒకే పోస్టు పైకి రాదు. పోస్టు పెట్టిన సమయం, వచ్చిన స్పందనలు, పరిచయాలు వంటి కారణాలు చాలామందికి తెలిసినవే. తెలియకుండా పనిచేసే కారణం మరొకటి ఉంది. మీరు రాసిన నాలుగు వాక్యాలు ఏ భాషలో ఉన్నాయో యంత్రం ముందుగా తేల్చుకుంటుంది. దాన్నిబట్టే అనువాదం ఇవ్వాలా, ఎవరి ఫీడ్‌లో పెట్టాలా అన్నది నిర్ణయమవుతుంది. ఆ తేల్చుకోవడంలో పొరపాటు జరిగితే ఆ తర్వాత జరిగేవన్నీ తప్పుదారి పడతాయి.

ఇది వాట్సాప్ గ్రూపులకు వర్తించదు. అక్కడ పంపినదంతా వచ్చిన వరుసలోనే అందరికీ చేరుతుంది. పోస్టులను యంత్రం ఎంచి గానీ, భాషను బట్టి జల్లించి గానీ చూపించే ఫేస్‌బుక్, ఎక్స్, మాస్టొడాన్, బ్లూస్కై వంటి చోట్లకే ఈ సంగతులు.

మీరు మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అనుకుందాం. రేపు నీళ్లు రావని నివాసులకు చెప్పాలి. తొందరలో చాలామంది రాసినట్టే మీరూ ఇలా రాశారు:

```
Repu mana block ki Manjeera water raadu.
Sump lo unna neellu jagrathaga vadandi.
```

చదివిన తెలుగువారికి ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. యంత్రానికి మాత్రం ఇది చిక్కు. ఈ రెండు వరుసలు పట్టుకునే ఒక్కొక్క దశా చూద్దాం.

ముందుగా తెలుసుకోవలసింది: భాష ట్యాగ్

పోస్టు వేసిన వెంటనే దానికి ఒక భాష కోడ్ అతుక్కుంటుంది. తెలుగుకు `te`, హిందీకి `hi`, ఉర్దూకు `ur`, ఇంగ్లిషుకు `en`. కొన్ని చోట్ల ఈ ట్యాగ్‌ను యంత్రమే వేస్తుంది, కొన్ని చోట్ల రాసేవాళ్లే ఎంచుకోవాలి. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగిలిన సెట్టింగ్స్ అన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

యంత్రం భాషను గుర్తించేటప్పుడు మొదట లిపిని చూస్తుంది, తర్వాత అక్షరాలు ఏ వరుసలో వస్తున్నాయో చూస్తుంది. ఇక్కడ మనకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగు లిపికి విడిగా గది ఉంది, ఆ అక్షరాలతో ఇంటర్నెట్‌లో రాసేది దాదాపుగా తెలుగు ఒక్కటే. దేవనాగరి అయితే హిందీ, మరాఠీ, నేపాలీ వంటి చాలా భాషలది. ఉర్దూ లిపి అరబిక్, పారసీలకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఆ భాషల్లో రెండు మూడు మాటల పోస్టు తప్పు ట్యాగ్ తెచ్చుకోవచ్చు. తెలుగు లిపిలో ఒక్క వాక్యం రాసినా `te` పడటం దాదాపు ఖాయం. అందులో మాటలన్నీ ఇంగ్లిషు నుంచి వచ్చినవైనా సరే. ‘వాటర్ సప్లై కట్, ట్యాంకర్ బుక్ చేయండి’ అని రాసినా లిపి తెలుగే కనుక అది తెలుగు పోస్టే.

ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగుకు ఈ రక్షణ లేదు. ప్రతి సంస్థకూ తనదైన గుర్తింపు విధానం ఉంటుంది కానీ, అందరికీ అందుబాటులో ఉన్న ఉపకరణాలను చూస్తే సమస్య ఎక్కడ ఉందో తెలుస్తుంది. గూగుల్ విడుదల చేసిన సీఎల్‌డీ3 అనే గుర్తింపు ఉపకరణంలో ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన హిందీకి `hi-Latn` అని ప్రత్యేకంగా ఒక ట్యాగ్ ఉంది. రష్యన్, గ్రీకు, జపనీస్, చైనీస్, బల్గేరియన్ భాషలకూ అలాంటివి ఉన్నాయి. తెలుగుకు లేదు. పెట్టెలోనే లేని ట్యాగ్‌ను యంత్రం వేయలేదు కదా! పైన రాసిన రెండు వరుసలను అది దగ్గరగా కనిపించిన మరో భాష ఖాతాలో వేస్తుంది, లేదా తెలియని భాష అని వదిలేస్తుంది. ఇది సాంకేతికంగా సాధ్యం కాని పనేమీ కాదు. మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 2023లో విడుదల చేసిన ఇండిక్‌ఎల్ఐడీ, ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న భారతీయ భాషలను కూడా గుర్తించేందుకే తయారైంది. మీరు వాడే యాప్ అలాంటిది వాడుతోందన్న భరోసా మాత్రం మనకు లేదు.

మొదటి పని: కీబోర్డు

సెట్టింగ్స్ జోలికి వెళ్లేముందు కీబోర్డు సరిచేసుకోండి. తెలుగు అక్షరాలు వెతికి కొట్టడం కష్టమని ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవాళ్లకు గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డ్‌లో దారి ఉంది. దాని సెట్టింగ్స్‌లో భాషల జాబితాకు వెళ్లి తెలుగును చేర్చండి. అక్కడ `abc → తెలుగు` అనే అమరిక ఎంచుకోండి. మీరు `repu` అని కొడితే ‘రేపు’ అని పడుతుంది, అంటే వేళ్లకు అలవాటైన పద్ధతి మారదు, బయటికి వచ్చే లిపి మాత్రం మారుతుంది.

తెలుగు పేరుతోనే లాటిన్ అక్షరాల అమరిక కూడా ఒకటి ఉంటుంది. అది ఇంగ్లిషు అక్షరాల్లోనే సూచనలిస్తుంది, లిపిని మార్చదు. తొందరలో దాన్ని ఎంచుకుంటే సమస్య అలాగే మిగిలిపోతుంది. ఒక మాట కొట్టి, తెర మీద తెలుగు అక్షరం పడిందో లేదో చూసుకోండి.

ఇప్పుడు మన ప్రకటన ఇలా మారుతుంది: ‘రేపు మన బ్లాకుకు మంజీరా నీళ్లు రావు. సంపులో ఉన్న నీళ్లు జాగ్రత్తగా వాడండి.’ యంత్రమే ట్యాగ్ వేసే చోట్ల ఇది తెలుగుగానే నమోదవుతుంది. హిందీ, ఇంగ్లిషు చదివే పొరుగువారికి అనువాదం కూడా అందే అవకాశం ఉంటుంది.

ఫొటో రూపంలో పోస్టరు వేసేవాళ్లకు ఇక్కడే ఒక మాట. పండుగ చందా లెక్కలు, సమావేశ ప్రకటనలు మనవాళ్లు ఎక్కువగా బొమ్మగా తయారుచేసి పెడతారు. పోస్టు భాషను నిర్ణయించేది బొమ్మతో పాటు పోస్టులో మీరు టైపు చేసిన పాఠం, బొమ్మలోని అక్షరాలు కావు. పాఠం లేకుండా బొమ్మ మాత్రమే పెడితే దానికి భాషే ఉండదు. ఎక్స్‌లో అయితే ఇలాంటి వాటికి విడిగా కోడ్‌లే ఉన్నాయి: కేవలం హ్యాష్‌ట్యాగులున్న పోస్టుకు `qht`, పాఠం లేని చిత్రానికి `zxx`. పోస్టరులో ఉన్న ముఖ్య విషయాన్ని రెండు వాక్యాల్లో పైన రాస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

రెండో పని: ఎక్స్‌లో మీ ట్యాగ్‌ను పరీక్షించండి

మీ పోస్టులకు ఏ ట్యాగ్ పడిందో బయటి నుంచి చూడగలిగే వీలు ఎక్స్‌లో బాగుంది. వెతికే పెట్టెలో మీ ఖాతా పేరుతో ఇవి కొట్టండి:

```
from:username lang:te
from:username -lang:te
```

మొదటిది తెలుగుగా గుర్తింపు పొందిన మీ పోస్టులను చూపిస్తుంది. రెండోది మిగిలినవన్నీ. మీరు తెలుగులోనే రాశాననుకున్నవి రెండో జాబితాలో కనబడితే అవి తప్పిపోయినట్టే. అవి ఎక్కడికి వెళ్లాయో కూడా చూడవచ్చు. `lang:te` స్థానంలో `lang:hi`, `lang:in`, `lang:und` పెట్టి చూడండి. ఇక్కడ `in` అంటే ఇండోనేషియన్, `und` అంటే ఏ భాషో తేలనిది. ఇంగ్లిషు అక్షరాల తెలుగు చేరే చోట్లు తరచుగా ఇవే.

ట్యాగ్ తప్పితే నష్టం ఏ మేరకు? ఎక్స్ 2023 మార్చి చివరలో తన సిఫారసు వ్యవస్థ కోడ్‌లో కొంత భాగాన్ని అందరికీ చూపించింది. అందులో వెతుకులాట ఫలితాలకు వరుస కట్టే భాగంలో భాషకు సంబంధించిన గుణకాలు విడిగా కనిపిస్తాయి. చూసేవారి యాప్ ఇంగ్లిషులో ఉండి పోస్టు మరో భాషలో ఉంటే ఒక గుణకం, పోస్టు ఇంగ్లిషులో ఉండి యాప్ వేరే భాషలో ఉంటే మరొకటి, రెండూ వేరువేరుగా ఉండి ఏదీ ఇంగ్లిషు కాకపోతే ఇంకొకటి, పోస్టు ఏ భాషో తేలకపోతే దానికి వేరొకటి. ఇవన్నీ 1 కంటే తక్కువగా పెట్టినవి, అంటే పోస్టు మార్కులు తగ్గించేవి. అప్పటి కోడ్ ఇప్పటికీ అలాగే నడుస్తోందని అనుకోవడానికి లేదు, ఆ వ్యవస్థ తర్వాత మారింది. అయినా ఆలోచనా విధానం అందులో స్పష్టంగా ఉంది: యాప్ భాష, పోస్టు భాష కలవకపోతే పోస్టు వెనక్కి జరుగుతుంది.

చదివేవారిగా మీకు ఇందులో చేయదగిన పని ఉంది. `Settings and privacy` లోని `Accessibility, display, and languages` కు వెళ్లి, `Languages` తెరవండి. యాప్ కనిపించే భాష ఒకటి, మీరు చదవగలిగే అదనపు భాషలు మరొకటి ఉంటాయి. యాప్‌ను తెలుగులోకి మార్చడం ఇష్టం లేకపోతే ఇంగ్లిషులోనే ఉంచుకోండి, కానీ అదనపు భాషల్లో తెలుగును తప్పకుండా చేర్చండి. మన నగరంలో ఉర్దూ, హిందీ చదవగలిగినవాళ్లు వాటినీ చేర్చాలి. నేను యాప్‌ను కూడా తెలుగులోకి మార్చమనే చెబుతాను. మొదటి రెండు రోజులు బటన్ల పేర్లు కొత్తగా అనిపిస్తాయి, తర్వాత వాటి స్థానాలే గుర్తుంటాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోను మొత్తాన్ని మార్చకుండా, అందుకు వీలిచ్చే యాప్‌లకు ఒక్కొక్కదానికి విడిగా భాష ఎంచుకునే సౌకర్యం ఉంది. ఫోను సెట్టింగ్స్‌లో భాషల విభాగంలో `App languages` అని ఉంటుంది.

మూడో పని: ఫేస్‌బుక్‌లో అనువాదం

ఫేస్‌బుక్‌లో `Settings & privacy`, తర్వాత `Settings`, అందులో `Language and region` తెరవండి. ఒకదానికొకటి కలిసిపోయినట్టు కనిపించే కొన్ని వరుసలుంటాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ఖాతా భాష, అంటే బటన్లు కనిపించే భాష. రెండోది ఇతరుల పోస్టులు మీకు ఏ భాషలోకి మార్చాలన్నది. మూడోది ఏ భాషలకు అనువాదం అసలు అడగవద్దు అన్నది. నాలుగోది ఏ భాషలను యంత్రం తనంతట తాను మార్చవద్దు అన్నది. ఎక్కువమంది మొదటిదాన్ని మాత్రమే చూసి బయటికి వచ్చేస్తారు. హైదరాబాద్‌లో ఉండేవారికి అసలు పని చివరి మూడింటితోనే ఉంటుంది.

ఉదాహరణకు మీకు తెలుగు, హిందీ బాగా వచ్చు, ఇంగ్లిషు చదవగలరు, ఉర్దూ మాట వింటే అర్థమవుతుంది కానీ లిపి రాదు. అప్పుడు అనువాద భాషగా తెలుగు పెట్టండి. అనువాదం అడగవద్దన్న జాబితాలో తెలుగు, హిందీ, ఇంగ్లిషు చేర్చండి. ఉర్దూను ఏ జాబితాలోనూ చేర్చవద్దు. అలా చేస్తే పాతబస్తీ మిత్రుడు ఉర్దూలో రాసినది మీకు తెలుగులో అందుతుంది, హిందీ పోస్టు రాసినట్టుగానే ఉంటుంది. హిందీని ఆ జాబితాలో చేర్చడం మరచిపోతే, మీకు చక్కగా అర్థమయ్యే హిందీ వాక్యం కూడా పొడిగా తెలుగులోకి మారి వస్తుంది. అనువాదం చదువుతున్న సంగతి కూడా గమనించకుండా రాసినవారి ధోరణే అలాంటిదని అనుకుంటారు.

దీనికీ ఫీడ్‌కూ సంబంధం ఏమిటంటే, మీరు దేని దగ్గర ఆగుతారు, దేనికి స్పందిస్తారు అన్నది చూసి ఫీడ్ తనను తాను మార్చుకుంటుంది. చదవలేని లిపిలో ఉన్న పోస్టును ఎవరైనా గబగబా దాటేస్తారు. పదిసార్లు దాటేస్తే, ఆ మనిషి రాతలంటే మీకు ఆసక్తి లేదని యంత్రం అనుకుంటుంది. మీరు దాటేసినది మనిషిని కాదు, లిపిని. అనువాదం కనబడితే ఆగి చదువుతారు, ఒక మాట రాస్తారు, ఆ పరిచయం ఫీడ్‌లో నిలబడుతుంది. అనువాద సెట్టింగ్ నేరుగా వరుసను మార్చకపోయినా, మీ ప్రవర్తన ద్వారా మారుస్తుంది.

అనువాదాన్ని నమ్మేముందు మూడు చోట్ల చూపు ఉంచండి: సమయాలు, కాదు లేదు అనే మాటలు, ఊరి పేర్లు. ఎర్రగడ్డ, లకడీకాపూల్ వంటి పేర్లలో మామూలు మాటలు దాగి ఉన్నాయి కనుక యంత్రం వాటిని విడగొట్టే ప్రమాదం ఉంటుంది. అనుమానం వస్తే పోస్టు కింద `See original` నొక్కి మూలం చూడండి. లిపి రాకపోయినా అంకెలు సరిపోతున్నాయో లేదో తెలుస్తుంది. రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. మన ప్రకటనలో ‘రావు’ అనే ఒక్క మాట మీదే అర్థమంతా ఆధారపడి ఉంది. ‘రేపు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు నీటి సరఫరా ఉండదు’ అని పూర్తి వాక్యంగా రాస్తే యంత్రానికి తప్పు చేసే చోటు తగ్గుతుంది.

రెండు భాషలను ఒకే పోస్టులో కలిపి రాయవద్దని నా గట్టి సలహా. సగం తెలుగు, సగం ఇంగ్లిషు ఉన్న పోస్టుకు సాధారణంగా ఒక్క ట్యాగే పడుతుంది. రెండో సగం చదివేవారికి అనువాదం తప్పుగా అందవచ్చు, అసలు అందకపోవచ్చు. తెలుగు పోస్టు విడిగా, ఇంగ్లిషు పోస్టు విడిగా వేయండి.

నాలుగో పని: మాస్టొడాన్, బ్లూస్కైలలో ట్యాగ్ మీరే వేయాలి

ఈ రెండింటిలో పోస్టు రాసే పెట్టె దగ్గరే భాష ఎంచుకునే గుర్తు ఉంటుంది. బ్లూస్కైలో ఒక పోస్టుకు మూడు భాషల వరకు ఇవ్వవచ్చు, కనుక కలిపి రాయక తప్పనివారికి అది నయం.

మాస్టొడాన్‌లో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. `Preferences` లో రాసే భాష మొదట యాప్ భాషనే అనుసరించేలా ఉంటుంది. యాప్ ఇంగ్లిషులో ఉంచుకుని చక్కని తెలుగు లిపిలో రాసినా, ట్యాగ్ మార్చకపోతే పోస్టు మీద `en` అని పడుతుంది. అప్పుడు రెండు వైపులా నష్టం. తెలుగు మాత్రమే చూస్తామని జాబితా పెట్టుకున్నవారి బహిరంగ ఫీడ్‌లోకి అది రాదు. ఇంగ్లిషు పెట్టుకున్నవారికి వస్తుంది, కానీ పోస్టు భాషా వారి భాషా ఒకటేనని లెక్క కనుక అనువాదం బటన్ కనిపించదు. చదవలేక వదిలేస్తారు.

మాస్టొడాన్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కనుక జల్లెడ ఎలా పనిచేస్తుందో నిశ్చయంగా చెప్పవచ్చు. మీరు ఎంచుకున్న భాషల పోస్టులను అది రానిస్తుంది. అసలు ట్యాగ్ లేనివాటినీ రానిస్తుంది. ఆపేది ట్యాగ్ ఉండి, అది మీ జాబితాలో లేనివాటినే. కాబట్టి అక్కడ ట్యాగ్ లేకపోవడం కంటే తప్పు ట్యాగ్ ఎక్కువ హాని చేస్తుంది.

సరిచేయడానికి `Preferences` లో `Other` పేజీ తెరవండి. `Posting language` లో తెలుగు పెట్టండి. `Filter languages` లో మీకు వచ్చిన భాషలన్నీ టిక్ చేయండి, ఏదీ ఎంచుకోకపోతే అన్ని భాషలూ వస్తాయి. ఈ జల్లెడ బహిరంగ ఫీడ్‌లకే. మీరు అనుసరించేవారి పోస్టులకు వేరే ఏర్పాటు ఉంది. ఒక మిత్రుడు తెలుగులోనూ జర్మన్‌లోనూ రాస్తాడనుకోండి, అతని ప్రొఫైల్‌లోని మూడు చుక్కలు నొక్కి `Change subscribed languages` లో తెలుగు మాత్రమే ఉంచుకుంటే అతని జర్మన్ పోస్టులు మీ ఇంటి ఫీడ్‌లోకి రావు.

బ్లూస్కైలో ఇదే పని `Settings` లోని `Languages` లో జరుగుతుంది. అక్కడ `Content languages` జాబితాలో తెలుగు చేర్చండి.

కనబడని పోస్టుకు కారణం ఏమిటో తేల్చుకోవడం

అన్నీ సరిచేసినా ఒకరి పోస్టులు మీకు రావడం లేదనిపిస్తే భాషను నిందించేముందు ఒక పరీక్ష చేయండి. ఫేస్‌బుక్‌లో `Feeds` అనే విభాగం కొత్తవి ముందుగా, సమయం వరుసలో చూపిస్తుంది. ఆ పోస్టు అక్కడ ఉండి హోమ్‌లో లేకపోతే, వరుస కట్టడంలో వెనక్కి పోయిందని అర్థం. ఆ మనిషి పోస్టులు రెండు మూడు తెరిచి అనువాదంతోనైనా చదివి, స్పందించండి. `Feeds` లో కూడా లేకపోతే భాషతో సంబంధం లేదు. మీరు అనుసరించడం ఆపేసి ఉండవచ్చు, లేదా ఆ పోస్టు మిమ్మల్ని చేర్చకుండా కొందరికే పెట్టినదై ఉండవచ్చు.

మీ పోస్టే ఇతరులకు చేరలేదనిపిస్తే, వేరే భాష పెట్టుకున్న పొరుగువారి ఫోనులో దాన్ని తెరిచి చూడండి. ఇంగ్లిషు అనువాద భాషగా ఉన్నవారి తెర మీద మీ తెలుగు పోస్టు కింద `See translation` కనిపించాలి. లేదా పోస్టు మారిపోయి `See original` కనిపించాలి. వారు తెలుగును అనువాదం అడగవద్దన్న జాబితాలో పెట్టలేదని కూడా చూసుకోండి. ఇవేవీ లేకపోతే ట్యాగ్ తప్పిందని అనుమానించవచ్చు.

మియాపూర్ ప్రకటన విషయానికొస్తే, ఇంగ్లిషు అక్షరాల్లో ముందే వేసినదాన్ని ఇలా సరిచేయాలి. ఫేస్‌బుక్‌లో `Edit` నొక్కి పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చండి, కింద వచ్చిన వ్యాఖ్యలు పోవు. మాస్టొడాన్‌లోనూ పోస్టును సవరించేటప్పుడు భాషను మార్చుకోవచ్చు. ఎక్స్‌లో సవరించే సౌకర్యం అందరికీ ఉండదు, కనుక పాతది తొలగించి తెలుగు లిపిలో కొత్తగా వేయడమే మేలు. వేశాక కాసేపాగి `from:username lang:te` తో వెతకండి. నీళ్లు రావన్న పోస్టు ఆ జాబితాలో కనబడితే, దాని కింద ఇంగ్లిషు ప్రకటనను విడి పోస్టుగా జోడించండి.